కంపెనీ పేరు మార్చి చూడండి

‘మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో పనిచేసి నా నైపుణ్యాలు పెంచుకోవాలని ఉంది.’ ఇంటర్న్‌షిప్ అడుగుతూ కొత్తగా డిగ్రీ పూర్తయినవాళ్లు పంపే ఈమెయిళ్లలో ఈ మాట తరచూ కనిపిస్తుంది. ఆ మెయిల్లో కంపెనీ పేరు తీసేసి పక్కవీధి కంపెనీ పేరు పెట్టి చూడండి. ఎక్కడా అతుకు కనబడదు. చదివే హెచ్ఆర్ మనిషికి ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది.

గుంటూరులో ఈసీఈ పూర్తిచేసిన ఒక అమ్మాయి హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీకి రాస్తోందనుకుందాం. కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు తయారుచేస్తారు వాళ్లు. మొదటి చిత్తులో పై వాక్యమే రాసింది. తర్వాత ఆ పరికరం వివరాలు చదివితే, దాన్ని గది మధ్యలో బిగిస్తారని తెలిసింది. తన ఫైనలియర్ ప్రాజెక్టు కూడా మిర్చి బస్తాలు దాచే గదిలోనే చేసింది. అందుకని ఇలా మార్చింది: ‘మా ప్రాజెక్టులో తలుపు దగ్గర సెన్సర్ పెట్టి కొలిచాం. బస్తాలు దించే అరగంటలో అక్కడ నాలుగు డిగ్రీలు పెరిగింది, గది మధ్యలో ఒక డిగ్రీ కూడా పెరగలేదు. మీ పరికరంతో ఈ తేడాను ఎలా పట్టుకోవచ్చో రెండు నెలలు మీ దగ్గర పనిచేసి చూడాలని ఉంది.’

ఈ మాటలు ఇంకో కంపెనీకి పనికిరావు. పైగా రెజ్యూమెలో ఏం చూడాలో అవే చెబుతున్నాయి. ఒక్క జాగ్రత్త: ఇదే విషయాన్ని ‘మీ పరికరంలో లోపం ఉంది’ అని రాస్తే కథ అడ్డం తిరుగుతుంది. అడిగేది పని, తీర్పు చెప్పడం కాదు.

మిగతాదంతా నాలుగైదు వాక్యాల్లో అయిపోవాలి. ఎప్పటినుంచి చేరగలరో సబ్జెక్టులోనే తెలిస్తే మంచిది:

```
Internship from 1 July: ECE graduate, cold storage sensors
```

అవతలి మనిషి పేరు తెలిస్తే పేరుతోనే పలకరించండి. మేడమ్‌కి ‘రెస్పెక్టెడ్ సర్’ అని వెళ్లిన మెయిళ్లకు లెక్కలేదు.

రెజ్యూమెను ఒక పేజీ పీడీఎఫ్‌గా, మీ పేరుతో సేవ్ చేసి జతచేయండి. resume_final2.pdf అని పంపితే వాళ్ల కంప్యూటర్లో అది ఎవరిదో తెలియదు. డ్రైవ్ లింకు పంపడం ఇంకా ప్రమాదం. అనుమతి మార్చడం మరిచిపోతే, తెరవబోయినవాళ్లే మిమ్మల్ని పర్మిషన్ అడగాల్సి వస్తుంది. ఎవరు అడుగుతారు? ముందు ఫైలు జతచేసి, తర్వాత మెయిల్ రాసి, వాళ్ల అడ్రసు చివర్లో టైప్ చేస్తే, పొరపాటున సెండ్ నొక్కినా ఎక్కడికీ పోదు.

వారం దాటినా జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు వాక్యాలతో ఒకసారి గుర్తుచేయండి. మూడో మెయిల్ మాత్రం వద్దు.