అయిదువందల కాపీలకు ఎంతవుతుందండీ?

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునేవాళ్లు ప్రెస్సుకు ఫోన్ చేసి మొదట అడిగే మాట ఇదే. నా మొదటి కథల సంపుటికి నేనూ అలాగే అడిగాను. ముగ్గురు మూడు ధరలు చెప్పారు, అందరికన్నా తక్కువ చెప్పినవారికి పని ఇచ్చాను. పుస్తకం చేతికొచ్చాక చూస్తే వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తున్నాయి. మంచి కాగితం వేస్తామన్నారు కదండీ అంటే, "ఆ రేటుకి ఇది మంచి కాగితమేనండీ" అన్నారు. ఏ కాగితం కావాలో నేను రాసివ్వలేదు. ముగ్గురూ మూడు వేరువేరు పుస్తకాలకు ధర చెప్పారని అప్పుడు అర్థమైంది.

రెండో పుస్తకానికి ముగ్గురికీ ఒకే ఉత్తరం పంపాను:

"అయ్యా, మా కథల సంపుటి ముద్రణకు కొటేషన్ పంపగోరుతున్నాను. కాపీలు 500, 1000 అయితే ఎంతో విడిగా తెలపండి. సైజు డెమ్మీ 1/8. లోపలి పేజీలు 128, నలుపు ఒక్క రంగే, 70 జీఎస్ఎం నేచురల్ షేడ్ మ్యాప్లితో. అట్ట 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, బయటివైపు నాలుగు రంగులు, మ్యాట్ లామినేషన్. ఫారాలు కుట్టి పర్ఫెక్ట్ బైండింగ్ చేయాలి. పీడీఎఫ్ నవంబరు 25న ఇస్తాను, ప్రూఫు అందిన రెండు రోజుల్లో సరిచూసి పంపుతాను. పుస్తకాలు డిసెంబరు 20 లోగా గుంటూరులో మా ఇంటికి చేరాలి. ప్లేట్లు, ప్యాకింగు, రవాణా, జీఎస్టీ ధరలో కలిశాయో లేదో, అడ్వాన్సు ఎంతో, ఈ ధర ఎన్నాళ్లు ఉంటుందో తెలపగలరు."

నిజానికి నా పేజీలు 131 వచ్చాయి. ప్రెస్సువాళ్ల లెక్క పేజీల్లో ఉండదు, ఫారాల్లో ఉంటుంది. ఒక డెమ్మీ షీటును మడిస్తే 16 పేజీల ఫారం అవుతుంది. 128 పేజీలంటే సరిగ్గా ఎనిమిది ఫారాలు. మిగిలిన మూడు పేజీల కోసం మరో ప్లేటు, మరోసారి మిషను ఎక్కించడం, విడిగా మడత. ముందుమాట కాస్త కుదించి, ఖాళీ పేజీలు తీసేసి 128కి తెచ్చాను. అప్పుడు కాగితం లెక్క కూడా తేలిగ్గా తేలింది. పుస్తకానికి ఎనిమిది షీట్లు, 500 పుస్తకాలకు 4000 షీట్లు, అంటే ఎనిమిది రీములు. తరుగు దీనికి అదనం.

వెయ్యి కాపీల ధర కూడా అడగడానికి కారణం ఉంది. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు, మిషను సర్దుబాటు ఖర్చు ఎన్ని కాపీలు వేసినా దాదాపు ఒకటే. అందుకని కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదానికి పడే ధర తగ్గుతుంది. అయితే అమ్ముడుపోని కాపీ ఎంత చవకగా వేసినా నష్టమే. వంద లోపు కాపీలు చాలనుకుంటే డిజిటల్ ముద్రణకు విడిగా కొటేషన్ అడగడం మేలు.

కాగితం దగ్గరే మోసపోయేది ఎక్కువ. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. 60కి, 70కి తేడా వేళ్లకు అందదు, తూకానికి అందుతుంది. ఈ పుస్తకంలో 70 జీఎస్ఎం వేస్తే లోపలి కాగితమే సుమారు 135 గ్రాములు ఉండాలి, 60 వేస్తే 116 దగ్గర ఆగుతుంది. అట్ట మరో 18 గ్రాములు. పది పుస్తకాలు కిరాణా కొట్టు కాటా మీద పెడితే కిలోన్నర దాటాలి. కిలో మూడువందల యాభై దగ్గరే ఆగిపోతే, రాసిన కాగితం వేయలేదన్నమాట. కాగితాన్ని బట్టి పుస్తకం వెన్ను మందం కూడా మారుతుంది కనుక అట్ట డిజైను ఖరారు చేసేముందు ఆ కొలత ప్రెస్సునే అడగాలి.

మ్యాట్ అట్ట చూపుకు హుందాగా ఉంటుంది కానీ ముదురు రంగు మీద గీతలు త్వరగా పడతాయి. బైండింగు సంగతి రాయకపోతే మామూలుగా జిగురుతో సరిపెడతారు. చాలాసార్లు తిరగేసే పుస్తకానికి కుట్టు ఉండాల్సిందే.

తేదీ విషయంలో నాదొక పట్టుదల. ఆవిష్కరణ డిసెంబరు 28 అయినా ఉత్తరంలో 20 అనే రాశాను. ఆ నెలలో ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీల పనిలో మునిగి ఉంటాయి. పైగా మనం ప్రూఫు ఆలస్యం చేస్తే వాళ్ల గడువూ జరుగుతుంది. అందుకే మనవైపు తేదీలు కూడా అందులోనే ఉండాలి.

కొటేషన్ వచ్చాక అడుగున ఉన్న మొత్తం చూసేముందు మీ ఉత్తరం పక్కన పెట్టుకుని ఒక్కో వివరం సరిచూడండి. ఏదైనా మారినా, వదిలేసినా మళ్లీ రాయించుకుని, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.