నగదు చదివించాలా.. వస్తువు ఇవ్వాలా?
బంధువుల పెళ్లి కానుకను నిర్ణయించేది ముందుగా చదివింపుల పుస్తకమే

భీమవరం: పసుపు రాసిన శుభలేఖ ఇంటికి అందిన నాటి నుంచే ఓ చర్చ మొదలవుతుంది. పెళ్లికి నగదు చదివించాలా, ఇంట్లో పనికొచ్చే వస్తువేదైనా కొనివ్వాలా అన్నది ఆ చర్చ సారాంశం. డబ్బు ఇస్తే చేతులు దులుపుకున్నట్లుంటుందని ఇల్లాలు, వస్తువు ఇస్తే వాళ్లింట్లో అప్పటికే నాలుగు ఉంటాయని ఇంటాయన వాదిస్తారు. ఇద్దరి మాటా నిజమే. అయితే తేల్చుకోవాల్సిన అసలు విషయం వేరే ఉంది. ఇచ్చే కానుక ఎవరి చేతికి చేరుతుందో చూసుకుంటే సగం సందేహం తీరిపోతుంది.

ఎవరికి చేరుతుంది?

పందిట్లో చదివించిన నగదు సాధారణంగా పెళ్లి జరిపిస్తున్న తల్లిదండ్రుల చేతికి వెళ్తుంది. భోజనాల వారికి, షామియానా వారికి, మేళానికి ఇవ్వాల్సిన బాకీలు చాలామంది ఆ డబ్బుతోనే తీరుస్తారు. ఖర్చు భారం మోస్తున్న ఇంటికి పదిమందీ తలా ఒక చెయ్యి వేయడమే చదివింపుల ఉద్దేశం. వస్తువు అలా కాదు. అది నేరుగా వధూవరుల కాపురానికి వెళ్తుంది. కాబట్టి పెళ్లి ఖర్చుతో సతమతమవుతున్న బావగారికి ఆసరా కావాలనుకుంటే నగదే సరైనది. పెళ్లికూతురికి గుర్తుగా ఏదైనా ఉండాలనుకుంటే వస్తువు సరైనది. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే పేచీ వస్తుంది.

పుస్తకంలో ఉన్నది బాకీయే

చదివింపుల పుస్తకాన్ని కేవలం జ్ఞాపకంగా ఎవరూ దాచుకోరు. మనింట పెళ్లికి ఎవరు ఎంత ఇచ్చారో అందులో ఉంటుంది. వారింట శుభకార్యానికి అంతకు తగ్గకుండా తిరిగి చదివించడం మర్యాద. వస్తువుల విషయంలో ఈ లెక్క కుదరదు. పుస్తకంలో ‘స్టీలు బిందె-1’ అని రాస్తారే తప్ప దాని విలువ రాయరు. పదేళ్ల తర్వాత ఆ బిందె ఖరీదెంతో ఎవరికీ గుర్తుండదు. అందువల్ల గతంలో మనకు నగదు వచ్చిన ఇంటికి నగదే చదివించడం మేలు. దానికి బదులు వస్తువు ఇస్తే, మనం ఎంత ఖర్చు పెట్టినా అవతలి వారి పుస్తకంలో పాత బాకీ తీరినట్లు కనిపించదు.

ఒక కుటుంబం లెక్క చూద్దాం

2011లో ఓ ఇంట పెద్దమ్మాయి పెళ్లి జరిగిందనుకుందాం. ఇల్లాలి అన్నగారు రూ.2,116 చదివించారు. ఇప్పుడు ఆయన కుమార్తె పెళ్లి. ఈ దంపతులు కానుకకు రూ.10 వేలు పక్కన పెట్టుకున్నారు. మేనకోడలికి గ్రైండరు కొనివ్వాలని మేనత్త కోరిక. మొత్తం నగదే చదివిద్దామని మేనమామ వరసయ్యే భర్త మాట.

ముందుగా పాత బాకీ చూడాలి. ఆ తర్వాత ధరలు రెట్టింపు దాటాయి కాబట్టి నాటి రూ.2,116ను అలాగే తిరిగిస్తే సగం కూడా ఇచ్చినట్లు కాదు. రూ.5,116 చదివిస్తే పాత బాకీ గౌరవంగా తీరుతుంది, కొంత పైన కూడా పడుతుంది. ఇది వధువు తండ్రికి అందేది. ఇక మేనత్తగా పసుపు కుంకుమలతో పెట్టాల్సిన చీర, రవికెలకు రూ.2 వేలు. ఇది మానకూడని లాంఛనం. దీన్ని నగదులో కలిపేస్తే వధువు తల్లి చిన్నబుచ్చుకుంటుంది. మిగిలిన దానిలో రూ.2,500 పెట్టి వస్తువు కొనవచ్చు. కొత్త జంట హైదరాబాద్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో కాపురం పెట్టబోతోంది. గ్రైండరుకు అక్కడ చోటు కష్టం, దాని ధర కూడా ఈ సొమ్ముకు మించుతుంది. అమ్మాయినే అడిగితే కుక్కరు కావాలంది. కాపురం పెట్టాక అక్కడి దుకాణం నుంచే పంపిస్తే మోత కూడా తప్పుతుంది. మొత్తం ఖర్చు రూ.9,616. ముగ్గురికీ చేరాల్సింది చేరింది.

వస్తువుతో వచ్చే చిక్కులు

అడగకుండా కొన్న వస్తువుల్లో గోడ గడియారాలు, డిన్నర్ సెట్లు, మిక్సీలే ఎక్కువ. ఒకే పెళ్లిలో మూడేసి వచ్చి, రెండు అటక మీదికి చేరతాయి. తర్వాత అవే మరో పెళ్లికి కానుకలుగా వెళ్తాయి. డబ్బాలో పాత పేరు చీటీ ఉండిపోతే అక్కడ నవ్వులపాలవుతారు. విద్యుత్ వస్తువు ఇచ్చేవారు బిల్లు, వారంటీ కార్డు తప్పనిసరిగా లోపల పెట్టాలి. అవి లేకుంటే చెడిపోయినప్పుడు బాగు చేయించే ఖర్చు కొత్త జంట మీదే పడుతుంది. గిన్నెల మీద పేరు కొట్టించే అలవాటు పాతదే అయినా, అలా చేస్తే దుకాణంలో మార్చుకునే వీలుండదు. విదేశాలకు వెళ్లే జంటకు బరువైన వస్తువు ఇవ్వడమంటే దాన్ని వారి తల్లిదండ్రుల ఇంట దాచమని చెప్పడమే.

చివర పదహారు ఎందుకు?

116, 516, 1,116 అని చదివించడానికి ఒక వివరణ నిజాం కాలం నాటిది. నాటి హైదరాబాద్ రాజ్యపు హాలీ సిక్కా రూపాయలు సుమారు 116 అయితే బ్రిటిష్ రూపాయలు 100కు సమానమయ్యేవి. తక్కువ కాకుండా ఇవ్వాలన్న ఆలోచన నుంచి ఈ అంకె స్థిరపడిందంటారు. సున్నాతో ముగించకూడదన్న పట్టింపు మాత్రం నేటికీ ఉంది. ఫోన్ ద్వారా పంపేవారు కూడా ఈ పద్ధతినే పాటిస్తున్నారు. అయితే ఫోన్‌లో పంపిన డబ్బు పుస్తకంలో ఎక్కకపోవడం తరచూ జరుగుతోంది. పంపిన వెంటనే రాసేవారి దగ్గరికి వెళ్లి ఇంటిపేరు, ఊరు చెప్పి రాయించుకోవాలి. ఒకే పేరున్న వారు ఇద్దరుంటే ఊరు లేని పద్దు పనికిరాదు.

చట్టం మాట

కానుక అడిగి తీసుకుంటే అది కట్నమవుతుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం దాన్ని నేరంగా పరిగణిస్తుంది. అడగకుండా ఇచ్చిన కానుకలకు జాబితా ఉండాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలి. తర్వాత వివాదం వస్తే ఏది ఎవరిదో తేల్చడానికి ఇది ఉపయోగపడుతుంది.

ఆదాయపు పన్ను విషయంలోనూ ఎవరి చేతికి అన్నదే ముఖ్యం. పెళ్లి సందర్భంగా వధూవరులకు వచ్చే కానుకలపై పన్ను లేదు. ఈ మినహాయింపు వారి తల్లిదండ్రులకు వర్తించదు. చట్టం గుర్తించిన దగ్గరి బంధువులు కాని వారి నుంచి తల్లిదండ్రుల పేరున ఏడాదిలో రూ.50 వేలకు మించి వస్తే పన్ను లెక్కలోకి వస్తుంది. ఒకే సందర్భంలో ఒకే వ్యక్తి నుంచి రూ.2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం 2017 ఏప్రిల్ 1 నుంచి నిషిద్ధం. పెద్ద మొత్తమైతే వధువు లేదా వరుడి ఖాతాకే చెక్కు ఇవ్వడం మంచిది.

శుభలేఖ మీద కానుకలు స్వీకరించబోమని అచ్చు వేయించిన ఇంట కవరు బలవంతంగా చేతిలో పెట్టరాదు. అక్కడ అక్షింతలు వేసి, భోజనం చేసి రావడమే మర్యాద. మిగిలిన పెళ్లిళ్లకు బయలుదేరే ముందు బీరువాలోని పాత పుస్తకం ఒకసారి తీసి చూసుకోవాలి. ఆ తర్వాత పెళ్లికూతురికో, ఆమె తల్లికో ఒక ఫోన్ చేసి ఏం కావాలో అడగాలి. దగ్గరి బంధువులు అడిగితే ఎవరూ తప్పుపట్టరు.