రియాద్ రాత్రి పది, న్యూయార్క్ మధ్యాహ్నం మూడు: ఇన్సులిన్‌తో దూర ప్రయాణం

సౌదీ నుంచి హైదరాబాద్ వెళ్ళేటప్పుడు ఇన్సులిన్ వేళ గురించి నేను పెద్దగా ఆలోచించను. తేడా రెండున్నర గంటలే. రియాద్‌లో రాత్రి పదికి వేసుకునే సూదిని ఇండియాలోనూ రాత్రి పదికే వేసుకుంటాను. మొదటి రోజు ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య ఇరవై నాలుగు గంటలకు బదులు ఇరవై ఒకటిన్నర గంటలు ఉంటుంది, అంతే. మూడు గంటల లోపు తేడాకు మా డాక్టరుగారు డోసులో ఏ మార్పూ చెప్పరు.

అమెరికా ప్రయాణం అలా కాదు. అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్ళాల్సి వచ్చినప్పుడు, సూట్‌కేసు సర్దడానికి ముందు ఒక తెల్లకాగితం తీసుకుని రెండు గడియారాలు పక్కపక్కన రాసుకున్నాను. వేసవిలో న్యూయార్క్ మనకంటే ఏడు గంటలు వెనక ఉంటుంది. వాళ్ళు చలికాలంలో గడియారం మారుస్తారు, సౌదీలో మార్చరు. అందుకని నవంబరు నుంచి మార్చి దాకా తేడా ఎనిమిది గంటలవుతుంది. మీ ప్రయాణం ఆ రెండు కాలాల్లో దేనిలో పడుతుందో ముందు చూసుకోండి.

నేను వాడేవి రెండు రకాలు. రోజుకొకసారి రాత్రి పదికి గ్లార్జిన్ 20 యూనిట్లు. ఇది రోజంతా నెమ్మదిగా పనిచేసేది. భోజనానికి ముందు త్వరగా పనిచేసే ఆస్పార్ట్, సుమారు ఆరేసి యూనిట్లు. ప్రయాణంలో ఈ రెండింటినీ వేరువేరుగా చూడాలి. గ్లార్జిన్ గడియారాన్ని బట్టి నడుస్తుంది, ఆస్పార్ట్ కంచాన్ని బట్టి నడుస్తుంది. గంటల తేడాతో చిక్కు వచ్చేది మొదటిదానికే.

మా విమానం రియాద్‌లో రాత్రి రెండింటికి. ఇంట్లోనే పదికి ఎప్పటిలా 20 యూనిట్లు వేసుకుని బయల్దేరాను. పద్నాలుగు గంటల ప్రయాణం తర్వాత దిగేసరికి రియాద్‌లో సాయంత్రం నాలుగు, న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది. అంటే విమానంలో గ్లార్జిన్ ఊసే లేదు. తర్వాతి డోసు రియాద్ లెక్కన రాత్రి పదికి, అక్కడి లెక్కన మధ్యాహ్నం మూడింటికి.

ఇక్కడ రెండు దారులున్నాయి. రెండు మూడు వారాల ప్రయాణమైతే అక్కడ కూడా రోజూ మధ్యాహ్నం మూడింటికే వేసుకోవచ్చు. శరీరానికి రియాద్ వేళే నడుస్తుంది, తిరిగొచ్చాక దిద్దుకోవాల్సింది ఏమీ ఉండదు. చిన్న ప్రయాణాలకు నాకు నచ్చే పద్ధతి ఇదే, చాలామంది దీన్ని ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు. కానీ నేను ఉండబోయేది నాలుగు నెలలు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో మధ్యాహ్నం మూడు అంటే ఎవరి చేతిలో ఎవరుంటారో తెలియదు. నాకు రాత్రి పదే కావాలి.

మూడింటికి వేసుకోకుండా పది దాకా ఆగితే రెండు డోసుల మధ్య 31 గంటలవుతుంది. చివరి ఏడు గంటలు ఖాళీ. టైప్ 2 ఉన్న నాలాంటివాళ్ళకు షుగర్ బాగా పెరుగుతుంది. టైప్ 1 వాళ్ళకు అది అంతకంటే ప్రమాదం, కీటోన్లు చేరతాయి. కాబట్టి ఆ ఏడు గంటలకు ఒక చిన్న వంతెన డోసు కావాలి. రోజుకు 20 యూనిట్లంటే ఏడు గంటల వాటా దాదాపు 6. కానీ డాక్టర్లు సాధారణంగా గంట తేడాకు రోజువారీ డోసులో రెండు నుంచి నాలుగు శాతం లెక్కన ఇస్తారు. ఆ లెక్కన నాకు సుమారు 3 నుంచి 5.6 యూనిట్ల మధ్య వస్తుంది. మా డాక్టరుగారు 4 అని రాశారు: మూడింటికి 4, రాత్రి పదికి ఎప్పటిలా 20. ఆ సాయంత్రం షుగర్ మామూలుకంటే కొంచెం ఎక్కువ ఉంటుందనీ, దాన్ని చూసి కంగారుపడి ఇంకో సూది వేసుకోవద్దనీ ముందే చెప్పారు. చెప్పినట్టే 210 చూపించింది. మర్నాటికి దారికొచ్చింది.

తిరుగు ప్రయాణం దీనికి తలకిందులు. తూర్పుకు వస్తే రోజు పొట్టిదవుతుంది. న్యూయార్క్‌లో రాత్రి పదికి వేసుకున్నాక, రియాద్ రాత్రి పది పదిహేడు గంటల్లోనే వచ్చేస్తుంది. పాత డోసుకు ఇంకా ఏడు గంటల పని మిగిలుండగానే కొత్తది దాని మీద పడుతుంది. మాకు తెలిసిన ఒక అక్క ఇలాగే పూర్తి డోసు వేసుకుని పడుకుంది. తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణుకుతూ లేచింది. నిద్రలేమితో ఒళ్ళు బడలి ఉన్నప్పుడు ఆ మెలకువ రాకపోయే ప్రమాదం కూడా ఉంది.

నా తిరుగు విమానం అక్కడ మధ్యాహ్నం రెండింటికి, అంటే రియాద్‌లో రాత్రి తొమ్మిది. ఎక్కిన గంటకే రియాద్ పది. అప్పుడు 20 కాదు, 14 వేసుకున్నాను. మర్నాడు రాత్రి ఇంట్లో 20. వెళ్ళేటప్పుడు లెక్కకు వచ్చిన 6కి బదులు 4 కలిపారు, వచ్చేటప్పుడు మాత్రం పూర్తిగా 6 తగ్గించారు. రెండువైపులా షుగర్ కాస్త పెరిగినా ఫరవాలేదు, పడిపోకూడదన్నదే ఆ లెక్క వెనక ఉన్న ఆలోచన. ఈ అంకెలు నా డోసుకు రాసినవి. మీ అంకెలు మీ డాక్టరు చేత రాయించుకోండి. డెగ్లుడెక్ వాడేవాళ్ళకు లెక్క వేరు, దాని పని రోజు దాటి ఉంటుంది కాబట్టి వేళలో ఎక్కువ వెసులుబాటు దొరుకుతుంది. పొద్దున, రాత్రి 30/70 మిక్స్ వేసుకునే పెద్దవాళ్ళకు నా పద్ధతి అసలు పనికిరాదు. వాళ్ళ సూది భోజనంతో ముడిపడి ఉంటుంది.

ఇక ఆస్పార్ట్. విమానంలో ట్రాలీ రెండు వరసల ముందు కనబడగానే సూది వేసుకోకండి. విమానం కుదుపులు మొదలైతే ట్రాలీ వెనక్కి వెళ్ళిపోతుంది. ఈ ఇన్సులిన్ పది ఇరవై నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. నేను పళ్ళెం నా ముందుకు వచ్చి, మూత తీసి, అందులో అన్నం ఎంతుందో చూశాకే వేసుకుంటాను. ఒక్కోసారి నాలుగు ముద్దలు తిన్నాక కూడా. టికెట్‌లో DBML అని కనబడే డయాబెటిక్ భోజనం నేను అడగను. ఒకసారి ఉడికించిన కూరగాయలు తప్ప ఇంకేమీ రాలేదు, ఆరు యూనిట్లకు అది చాలదు. మన శాకాహార భోజనమే తీసుకుని, తిన్నదాన్ని బట్టి వేసుకుంటాను. ఒక డోసుకీ ఇంకోదానికీ కనీసం నాలుగు గంటలు ఉంచుతాను. లేకపోతే ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

గడియారాల విషయంలో ఒక చిక్కుంది. ఫోను దిగగానే స్థానిక సమయానికి మారిపోతుంది, అందులో పెట్టిన పది గంటల అలారం కూడా దాంతోపాటే జరిగిపోతుంది. గ్లూకోమీటరు మాత్రం మనం మార్చేదాకా రియాద్‌లోనే ఉంటుంది. నేను పాత చేతి గడియారం ఒకటి రియాద్ సమయంలోనే ఉంచి, మొదటి రెండు రోజులు డోసు వేసిన ప్రతిసారీ రెండు సమయాలూ పుస్తకంలో రాశాను. ఆ రెండు రోజులూ నాలుగు గంటలకోసారి, తెల్లవారుజాము మూడింటికి కూడా షుగర్ చూసుకున్నాను.

ఇన్సులిన్‌ను చెకిన్ సామానులో వేయకూడదన్నది మీకు తెలిసే ఉంటుంది. సామాను తప్పిపోతుంది, సరుకు గదిలో చలికి గడ్డకట్టే అవకాశమూ ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. సౌదీలో ఉండే మనకు అసలు శత్రువు మాత్రం విమానం కాదు, విమానాశ్రయానికి వెళ్ళే కారు. వాడకంలో ఉన్న గ్లార్జిన్, ఆస్పార్ట్ పెన్నులు 30 డిగ్రీల లోపు 28 రోజులు బయట ఉండగలవు, కాబట్టి పద్నాలుగు గంటల విమానం వాటికి లెక్కే కాదు. జూలై మధ్యాహ్నం పార్కింగులో ఆపిన కారు లోపల వేడి అంతకు రెట్టింపు దాటుతుంది. పాడైన ఇన్సులిన్ చాలాసార్లు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. తేటగా ఉండాల్సింది మబ్బుగా మారితే పారేయాలి, అది తెలుస్తుంది. తేటగానే ఉండి బలం పోతే మాత్రం, అదే తిండికి, అదే డోసుకు షుగర్ కారణం లేకుండా ఎక్కుతూ పోవడమే గుర్తు. అప్పుడు కొత్త పెన్ను తెరవాలి.

నీళ్ళలో నానబెట్టి వాడే చల్లటి పౌచ్ మన మట్టికుండలాగే పనిచేస్తుంది, నీరు ఆవిరవుతూ లోపలిదాన్ని చల్లబరుస్తుంది. రియాద్ పొడి ఎండలో బ్రహ్మాండం. జుబైల్‌లో ఉన్న రోజుల్లో, ఆగస్టు ఉక్కలో, అదే పౌచ్ తడిగుడ్డలా ఉండిపోయేది. సముద్రతీరంలో ఉండేవాళ్ళు ఐస్ జెల్ వాడితే, జెల్‌కూ పెన్నుకూ మధ్య తువ్వాలు చుట్టండి. నేరుగా ఆనితే గడ్డకడుతుంది. విమానంలో పెన్నులను సిబ్బంది ఫ్రిజ్‌లో పెట్టమని ఇవ్వను, దిగేటప్పుడు మర్చిపోతాం. వాడాక సూదిని పెన్నుకే ఉంచేయకండి. గాలి పీడనం మారినప్పుడు కార్ట్రిడ్జ్‌లోకి బుడగలు చేరతాయి. ప్రతి డోసుకు ముందు 2 యూనిట్లు గాలిలోకి వదిలి, చుక్క కనబడ్డాకే వేసుకోండి.

ఎన్ని పెన్నులు తీసుకెళ్ళాలో లెక్కపెట్టేటప్పుడు ఆ వదిలేసే 2 యూనిట్లను చాలామంది కలపరు. నాకు గ్లార్జిన్ రోజుకు 20 కాదు, 22. నాలుగు నెలలకు 2,640. పెన్నుకు 300 యూనిట్లు కాబట్టి తొమ్మిది పెన్నులు. అయిదేసి పెన్నుల పెట్టెలు రెండు సరిపోతాయి, మూడోది అదనం. సగం నా చేతిసంచీలో, సగం మావారి దానిలో. మందుల షాపు చీటీ ఉన్న పెట్టెలతో, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే డాక్టరు ఉత్తరం. నాది ఇంగ్లీషు, అరబిక్ రెండింటిలో ఉంది. విమానాశ్రయంలో ‘సుకరీ’ అంటే చాలు, సౌదీవాళ్ళకు అర్థమవుతుంది. షుగర్ జబ్బుకూ, కసీమ్‌లో పండే తియ్యటి ఖర్జూరానికీ ఇక్కడ ఒకటే మాట. లో షుగర్‌కు మాత్రం ఖర్జూరం కాదు, గ్లూకోజ్ బిళ్ళలు జేబులో పెట్టుకోండి. అవి తొందరగా ఎక్కుతాయి, జ్యూస్ సీసాలా సెక్యూరిటీ దగ్గర ప్రశ్నలూ రావు.

అత్తయ్య, మావయ్య ఇండియా నుంచి వస్తున్నారంటే ఒకటి తప్పకుండా అడగండి: పెన్నా, సీసానా? ఇండియాలో సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దాని సిరంజి మూత ఎరుపు. సౌదీలో, అమెరికాలో దొరికేది 100 యూనిట్లది, సిరంజి మూత నారింజ. ఎర్ర మూత సిరంజితో ఇక్కడి సీసా నుంచి 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 20 కాదు, 50. మా అత్తయ్య వచ్చినప్పుడు ఆవిడ సిరంజిలు, సీసాలు ఒకే డబ్బాలో పెట్టి పైన పేరు రాశాను. అక్కడి సీసాలు అయిపోగానే మిగిలిన ఎర్ర మూతల సిరంజిలన్నీ ఇంట్లోంచి తీసేసి, ఇక్కడి డాక్టరు చేత పెన్నుకు మార్పించాం.