ఓటీపీ మన సంతకం, అడిగినవాడికి చెప్పం!

“మీ కార్డు ఇవాళ్టితో ఆగిపోతుందండీ. ఇప్పుడొచ్చిన ఆరంకెలు చెబితే సరిచేస్తాం” అంటాడు ఫోన్‌లో. చాలాసార్లు అప్పటికే కార్డు వివరాలు అతని చేతిలో ఉంటాయి. ఇక కావాల్సింది ఆ అంకెలే.

కంగారుపడకుండా మెసేజ్ మొత్తం చదవండి. ‘రూ.18,500 చెల్లింపునకు ఓటీపీ’ అని ఉంటే అతని అబద్ధం అక్కడే తేలిపోతుంది. మీ ఓటీపీతో బ్యాంకు ఉద్యోగికి పనే లేదు. ఫోన్ పెట్టేయండి. అనుమానం తీరకపోతే కార్డు వెనకున్న నంబరుకు మీరే చేయండి.

పొరపాటున చెప్పేశారా? రిజర్వ్ బ్యాంకు 2017లో పెట్టిన నిబంధనల ప్రకారం, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. కాబట్టి సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే బ్యాంకుకు, ఆపై 1930కి ఫోన్ చేయండి.