మాక్ డ్రిల్ వికటిస్తే నివేదికలో ఏం రాయాలి? హవాయి నేర్పిన 38 నిమిషాల పాఠం

2025 మే 7న దేశవ్యాప్తంగా నిర్వహించిన పౌర రక్షణ మాక్ డ్రిల్ జాబితాలో జంషెడ్‌పూర్ కూడా ఉంది. సీతారాండేరా వంటి నివాస ప్రాంతాల్లో సైరన్ మోగితే ప్రజలకు ముందుగా కలిగే సందేహం ఒక్కటే: ఇది అభ్యాసమా, నిజమా? ఆ సందేహానికి సమాధానం చెప్పవలసిన వ్యవస్థే పొరబడితే ఏమవుతుందో 2018 జనవరి 13న అమెరికాలోని హవాయి రాష్ట్రం చవిచూసింది. ఆ తరువాత వెలువడిన విచారణ నివేదికలు, విఫలమైన డ్రిల్‌ను ఎలా సమీక్షించాలో తెలిపే మంచి ఉదాహరణలుగా నిలిచాయి.

ఆ రోజు ఉదయం హవాయి అత్యవసర నిర్వహణ సంస్థలో రాత్రి షిఫ్టు ముగిసి పగటి షిఫ్టు మొదలవుతోంది. రాత్రి షిఫ్టు పర్యవేక్షకుడు ముందస్తు ప్రకటన లేకుండా క్షిపణి దాడి డ్రిల్ చేపట్టారు. 8 గంటల 5 నిమిషాలకు సైనిక కమాండ్ నుంచి మాట్లాడుతున్నట్లుగా ఫోన్ చేసి, రికార్డు చేసిన సందేశాన్ని వినిపించారు. అది అభ్యాసమేనని సందేశం ఆరంభంలోనూ చివరలోనూ ఉంది. అయితే మధ్యలో ‘ఇది డ్రిల్ కాదు’ అన్న వాక్యమూ ఉంది. సంస్థ ఆమోదించిన పాఠంలో ఆ వాక్యం లేదు.

పగటి షిఫ్టు ఉద్యోగి ఒకరు ఆ వాక్యాన్ని విన్నట్లు, దాడి నిజమని నమ్మినట్లు తన లిఖిత వాంగ్మూలంలో తెలిపారు. కంప్యూటర్‌లో అసలు హెచ్చరికను ఎంచుకున్నారు. పంపడం ఖాయమేనా అని తెర అడిగింది. పరీక్ష సందేశానికైనా, నిజమైన హెచ్చరికకైనా ఆ ప్రశ్న ఒకే తీరులో ఉండేది. ఆయన అవునని నొక్కారు. 8 గంటల 7 నిమిషాలకు రాష్ట్రమంతటా ఫోన్లు మోగాయి. క్షిపణి వస్తోందని, వెంటనే తలదాచుకోవాలని వాటిలో ఉంది.

8 గంటల 12 నిమిషాలకు హెచ్చరికను రద్దు చేశారు. దానివల్ల కొత్త ఫోన్లకు సందేశం వెళ్లడం ఆగింది కానీ, అప్పటికే చదివినవారికి అది అబద్ధమని తెలియలేదు. 8 గంటల 20 నిమిషాలకు సంస్థ సామాజిక మాధ్యమాల్లో వివరణ ఇచ్చింది. ఫోన్లకు సవరణ సందేశం చేరేసరికి 8 గంటల 45 నిమిషాలైంది. తప్పుడు హెచ్చరికను సరిదిద్దే నమూనా సందేశం సిద్ధంగా లేకపోవడం, దాన్ని ఏ పద్ధతిలో పంపాలో కేంద్ర విపత్తు సంస్థను అడగవలసి రావడం ఈ జాప్యానికి కారణాలు.

ఈ ఉదంతంలో సంబంధిత ఉద్యోగిని తొలగించారు. సంస్థ అధిపతి రాజీనామా చేశారు. అయినా విచారణ ‘ఎవరు నొక్కారు’ అన్న ప్రశ్న దగ్గర ఆగలేదు. మానవ తప్పిదంతో పాటు నిర్వహణపరమైన నియంత్రణలు కొరవడటం, సాఫ్ట్‌వేర్ రూపకల్పన లోపాలు కూడా కారణమని రాష్ట్ర నివేదిక తేల్చింది. డ్రిల్ వెళ్లిపోయే షిఫ్టుకే పరిమితమని పగటి పర్యవేక్షకుడు భావించారని, అందువల్ల తన సిబ్బందిని పర్యవేక్షించే స్థానంలో ఆయన లేరని అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ గుర్తించింది.

నివేదిక రచనలోని కీలకం ఇక్కడే ఉంది. ముందుగా నిమిషాలవారీ క్రమాన్ని నమోదు చేయాలి. ఎవరు ఏం చేశారన్నదే కాక, ఆ క్షణంలో ఏం విన్నారో, తెరపై ఏం చూశారో కూడా రాయాలి. ‘ఉద్యోగి అజాగ్రత్త’ అని రాసి ముగిస్తే దిద్దుబాటుకు దారి మూసుకుపోతుంది. ‘ఆమోదం లేని వాక్యం వినిపించారు’, ‘పరీక్షకూ నిజానికీ తెరపై తేడా లేదు’ అని రాస్తే ప్రతి లోపానికీ ఒక మార్పు ఎదురుగా నిలుస్తుంది.

హవాయిలో జరిగింది అదే. ఏ డ్రిల్‌కైనా పర్యవేక్షకులకు ముందుగా తెలపాలన్న నియమం వచ్చింది. హెచ్చరికైనా, పరీక్షైనా అర్హులైన ఇద్దరు ఉద్యోగులు ధ్రువీకరించాకే పంపాలని నిర్ణయించారు. తప్పుడు హెచ్చరికను సరిదిద్దే సందేశాన్ని ముందే సిద్ధం చేశారు. సాఫ్ట్‌వేర్‌లో మార్పులు చేయాలని సరఫరాదారును కోరారు.

అయితే ఇలాంటి పట్టికకూ ఒక పరిమితి ఉంది. నియమం కాగితంపైకి వచ్చినంత మాత్రాన లోపం తీరినట్లు కాదు. సవరణ సందేశం ఎన్ని నిమిషాల్లో వెళ్తుందో మరో డ్రిల్‌లో గడియారం పెట్టి కొలవాలి. ఆ కొలత వచ్చేదాకా, నివేదికలో ఆ అంశాన్ని ‘మెరుగుపడింది’ అన్న వరుసలో కాక ‘మార్చాం, ఇంకా పరీక్షించలేదు’ అన్న వరుసలోనే ఉంచడం సబబు.