బిల్లు డిస్కౌంటులో బ్యాంకరు లాభమెంత?

గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరు అరువుకు సరుకు అమ్మి, రూ.20,600కు వినిమయ బిల్లు రాసి, కొన్నవారి అంగీకార సంతకం తీసుకున్నారనుకుందాం. గ్రేసు రోజులతో కలిపి గడువు ఇంకా 3 నెలలుంది. ఈలోగా డబ్బు అవసరమై బ్యాంకుకు వెళ్లారు. వడ్డీ ఏడాదికి 12 శాతం, అంటే 3 నెలలకు 3 శాతం.

నేటి రూ.20,000కు రూ.600 వడ్డీ చేరితే గడువునాటికి రూ.20,600 అవుతుంది. ఆ రూ.600 నిజ డిస్కౌంటు. బ్యాంకు మాత్రం బిల్లు మొత్తంపైనే 3 శాతం లెక్కకట్టి, రూ.618 ముందే మినహాయిస్తుంది. ఇది బ్యాంకరు డిస్కౌంటు. వ్యాపారి చేతికొచ్చేది రూ.19,982.

ఈ రెండింటి తేడా రూ.18 బ్యాంకరు లాభం. రూ.600పై 3 నెలల వడ్డీ కూడా సరిగ్గా అంతే కాబట్టి లెక్క సరిపోయినట్టే. చేతికొచ్చిన సొమ్ముపై చూస్తే వ్యాపారి మీద పడే వడ్డీ 12 కాదు, దాదాపు 12.37 శాతం.