డైరెక్టర్ వదులుకున్న అప్పు లాభమా, మూలధనమా?

ఒక చిన్న ప్రైవేటు కంపెనీ అనుకుందాం. అందులో 90 శాతం వాటాలున్న డైరెక్టరు గతంలో 40 లక్షలు అప్పిచ్చాడు. ఈ ఏడాది కంపెనీకి 10 లక్షల నష్టం వచ్చింది. మార్చిలో ఆయన ‘ఆ అప్పు తీర్చక్కర్లేదు’ అని రాసిచ్చాడు.

ఆ 40 లక్షలను లాభనష్టాల ఖాతాలో వేస్తే నష్టం మాయమై 30 లక్షల లాభం కనిపిస్తుంది. కానీ సరుకేమీ అదనంగా అమ్ముడుపోలేదు. ఆ అంకె చూసి అప్పిచ్చే బ్యాంకు మోసపోతుంది. మూలధనంలో చూపితే నష్టం నష్టంగానే ఉంటుంది, నికర విలువ మాత్రం 40 లక్షలు పెరుగుతుంది. ఈ పెరుగుదల రెండు పద్ధతుల్లోనూ ఒకటే.

తేల్చేది ఆయన ఏ హోదాలో వదులుకున్నాడన్నదే. యజమానిగా తన కంపెనీని నిలబెట్టుకోవడానికైతే అది మూలధనమే. వాటాల్లేని డైరెక్టరు మామూలు అప్పులవాడిలా వదులుకుంటే లాభంగా చూపాలి. అందుకే మాఫీ లేఖలో, బోర్డు తీర్మానంలో కారణం స్పష్టంగా ఉండాలి. తేదీ కూడా ముఖ్యమే: మేలో రాసిన లేఖతో మార్చి 31 నాటి అప్పును చెరపలేం.

పన్ను లెక్క వేరు. ఆ అప్పుపై వడ్డీని ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకుని ఉంటే, చెల్లించని ఆ వడ్డీ మాఫీ అయినప్పుడు ఆదాయంగా పన్ను పడుతుంది.